గీత దగ్గర కొనేవాడు ఉన్నాడా?

మిర్చి రేటు క్వింటాకు 100 రూపాయలు కదిలిందంటే కిలోకు ఒక్క రూపాయి. 45 కిలోల టిక్కీ మీద 45 రూపాయలు. ఎకరాకు 20 క్వింటాళ్లు తీసిన రైతుకు 2,000. చార్టు మీద గీతలు చూసేటప్పుడు ఈ చిన్న లెక్క పక్కన పెట్టుకుంటే, ఏ గీత విలువ ఎంతో ఇట్టే తెలిసిపోతుంది.

గుంటూరు, పల్నాడు, బాపట్ల, ప్రకాశం పల్లెల్లో ఇప్పుడు యార్డు రేట్లు ఫోనుకే వస్తున్నాయి. పత్తి ఫ్యూచర్స్ చార్టులూ అదే ఫోనులో ఉంటాయి. దాంతో షేర్ మార్కెట్ మాటలు మిర్చి యార్డుకూ పాకాయి. ‘ఇరవై రోజుల యావరేజ్ దాటింది, ఇక పెరుగుద్ది’ అంటాడొకడు. ‘పదకొండు వేల దగ్గర సపోర్ట్ ఉంది, అంతకంటే పడదు’ అంటాడు ఇంకొకడు. పాత ధరల గీతల్లోంచి రేపటి ధరను ఊహించే ఈ పద్ధతికి టెక్నికల్ అనాలిసిస్ అని పేరు. ఇందులో లెక్క కష్టమేమీ కాదు. ఆ లెక్క వెనక ధర గురించి కొన్ని నమ్మకాలు దాగి ఉంటాయి. అవి మన సరుకుకు సరిపోతాయో లేదో చూడటమే అసలు పని.

ముందు, ఏ ధరతో లెక్క కడుతున్నాం?

కంపెనీ షేరు ఒకటి ఇంకోదానిలాగే ఉంటుంది. మిర్చి అలా కాదు. ఒకే రోజు, ఒకే యార్డులో, ఒకే తేజ రకం మీడియంకు ఒక రేటు, బెస్టుకు ఒక రేటు, డీలక్సుకు ఇంకో రేటు పలుకుతుంది. ఏసీలో, అంటే శీతల గిడ్డంగిలో, దాచి తెచ్చిన కాయ రేటు వేరు. తాలు కాయ సంగతి చెప్పనే అక్కర్లేదు.

అందుకే ప్రభుత్వ మార్కెట్ నివేదికల్లో కనిష్ఠ ధర, గరిష్ఠ ధరతో పాటు మోడల్ ధర అని ఒకటి ఇస్తారు. ఆ రోజు ఎక్కువ సరుకు ఏ రేటుకు అమ్ముడైందో అదే మోడల్ ధర. సాధారణంగా చార్టులోకి ఎక్కేది ఇదే. చిక్కంతా ఇక్కడే మొదలవుతుంది. సీజన్ చివర్లో ఆఖరి కోతల కాయ ఎక్కువగా వస్తే, డీలక్సు కాయ రేటు పైసా తగ్గకపోయినా మోడల్ ధర తగ్గుతుంది. చార్టేమో మార్కెట్ పడిపోయిందంటుంది. నిజానికి మారింది యార్డుకు వచ్చిన సరుకు. కాబట్టి మొదటి నియమం: ఒకే రకం, ఒకే గ్రేడు రేట్లతోనే గీత గీయాలి. లేకపోతే ఆ తర్వాత వేసే లెక్కలన్నీ వృథా.

మూవింగ్ యావరేజ్ అంటే ఏం చేస్తుంది?

మూవింగ్ యావరేజ్ అంటే కదిలే సగటు. అయిదు రోజుల సగటు కావాలంటే చివరి అయిదు రోజుల ధరలు కూడి అయిదుతో భాగిస్తారు. మర్నాడు కొత్త ధర చేర్చి, అన్నిటికంటే పాతదాన్ని వదిలేస్తారు. ఒక ఉదాహరణ కట్టి చూద్దాం. అంకెలు ఊహించినవి, లెక్క మాత్రం అసలైనదే.

మొదటి అయిదు రోజుల్లో క్వింటా ధర వరసగా 13,000, 13,100, 12,900, 13,000, 13,000. మొత్తం 65,000, సగటు 13,000. ఆ తర్వాత యార్డుకు సరుకు పోటెత్తింది. ధర ఇలా నడిచింది:

| రోజు | ఆ రోజు ధర | 5 రోజుల సగటు |
|---|---|---|
| 6 | 12,500 | 12,900 |
| 7 | 12,000 | 12,680 |
| 8 | 11,800 | 12,460 |
| 9 | 11,800 | 12,220 |
| 10 | 11,800 | 11,980 |
| 11 | 11,900 | 11,860 |
| 12 | 11,600 | 11,780 |

ఎనిమిది, తొమ్మిది, పది రోజుల వరస మళ్లీ చూడండి. ధర 11,800 దగ్గరే నిలబడింది. సగటు మాత్రం దిగుతూనే ఉంది. ఆ రోజుల్లో మార్కెట్లో ఏమీ జరగలేదు. పాత ఎక్కువ రేట్లు లెక్కలోంచి జారిపోతున్నాయి, అంతే. సగటు గీత కిందికి వంగిందంటే ఇవాళ ధర పడుతోందని అర్థం కాదు. ఇవాళ చేరిన ధర, లెక్కలోంచి పోయిన పాత ధర కంటే తక్కువని మాత్రమే అర్థం.

చార్టు చూసేవాళ్ల సూత్రం ఇది: ధర సగటు కిందికి దిగితే అమ్ము, పైకి దాటితే కొను లేదా ఆగు. పై పట్టికలో అమ్మమన్న సూచన ఆరో రోజు వచ్చింది. అప్పటికే క్వింటాకు 500 పోయింది. అయినా ఆ రోజే అమ్మినవాడికి తర్వాతి 700 నష్టం తప్పింది. 20 క్వింటాళ్ల మీద అది 14,000. ఇక్కడిదాకా సూత్రం పనిచేసినట్టే. పదకొండో రోజు ధర 11,900, సగటు 11,860. ‘పైకి దాటింది, ఆగు’ అంటుంది చార్టు. పన్నెండో రోజు 11,600కు పడి మళ్లీ ‘అమ్ము’ అంటుంది. ఆ ఒక్కరోజు ఆగినందుకు 20 క్వింటాళ్ల మీద 6,000 పోయింది. ధర అటూ ఇటూ ఊగే రోజుల్లో ఇలాంటి తప్పుడు సూచనలు వరసగా వస్తాయి. ఈ సూత్రానికి లాభం తెచ్చేది పొడుగాటి ఎత్తుపల్లాలు. చిన్న ఊగిసలాటలు ఆ లాభాన్ని తినేస్తాయి.

ఎక్కువ రోజుల సగటు తీసుకుంటే తప్పులు తగ్గవా?

తగ్గుతాయి, కానీ ఆలస్యం పెరుగుతుంది. అయిదు రోజుల సగటు అసలు ధర కంటే రెండు రోజులు వెనక నడుస్తుంది. ఇరవై రోజులదైతే తొమ్మిదిన్నర రోజులు. షేర్లవాళ్లు తరచూ చెప్పే 200 రోజుల సగటు దాదాపు వంద మార్కెట్ రోజులు వెనకబడి ఉంటుంది. వారానికి అయిదు రోజుల చొప్పున లెక్కేస్తే ఇరవై వారాలు. మన కొత్త మిర్చి ఉద్ధృతంగా వచ్చేది ఫిబ్రవరి నుంచి మే నెల దాకా, పదిహేడు వారాలే. అంటే ఆ సగటు సంగతి చెప్పేలోగా సీజన్ అయిపోతుంది. ఇటీవలి ధరలకు ఎక్కువ బరువిచ్చే ఎక్స్‌పోనెన్షియల్ సగటు అని ఇంకోటి ఉంది. అది ఆలస్యాన్ని కొంత తగ్గిస్తుంది, బదులుగా తప్పుడు సూచనలు పెంచుతుంది. రెండూ తగ్గించే సగటు లేదు.

సగటు గీత చక్కగా ఒక దారిలో పోతుంది కదా, అది నిజం కాదా?

ఇదే అన్నిటికంటే న్యాయమైన సందేహం. దీనికి జవాబు పత్తి లెక్కల్లోనే దొరుకుతుంది. 1953లో మారిస్ కెండల్ అనే బ్రిటిష్ గణాంక శాస్త్రవేత్త, నిన్నటి ధర మార్పు నుంచి రేపటి మార్పు చెప్పగలమా అని పరీక్షించాడు. షికాగో గోధుమ ధరలు, బ్రిటన్ షేర్ల సూచీలు, న్యూయార్క్ పత్తి ధరలు తీసుకున్నాడు. గోధుమలోనూ షేర్లలోనూ చెప్పుకోదగ్గ సంబంధం కనిపించలేదు. పత్తిలో మాత్రం కొంత కనిపించింది. పెరిగిన నెల తర్వాత ఇంకో పెరిగే నెల రావడం ఎక్కువగా ఉంది. మరి పత్తికి జ్ఞాపకం ఉన్నట్టేనా?

కానీ కెండల్ వాడిన పత్తి ధరలు నెల సగటులు. అది ఎలా మోసం చేస్తుందో చూడండి. ఫిబ్రవరి అంతా 12,000. మార్చి నడిమధ్యలో ఒక్కరోజులో ధర 12,600కు ఎగిరి, అక్కడే ఉండిపోయింది. నెల సగటులు తీస్తే ఫిబ్రవరి 12,000, మార్చి 12,300, ఏప్రిల్ 12,600. రెండు నెలలు వరసగా పెరిగినట్టు, దారి పట్టినట్టు కనిపిస్తుంది. నిజానికి పెరిగింది ఒక్కరోజే. మార్చి సగటు చూసి ‘ఊపు మీదుంది’ అని ఏప్రిల్లో కొన్నవాడికి ఒక్క రూపాయి మిగలదు.

హోల్‌బ్రుక్ వర్కింగ్ అనే అమెరికన్ వ్యవసాయ ఆర్థికవేత్త 1960లో దీన్ని సూత్రంగా నిరూపించాడు. పూర్తిగా ఇష్టారాజ్యంగా కదిలే ధరలను నెలనెలా సగటు చేస్తే, ఆ సగటుల మార్పుల మధ్య దాదాపు పావు వంతు, అంటే 0.25, సంబంధం దానంతటదే పుడుతుంది. అసలు ధరల్లో అది సున్నా. ఇంట్లో పరీక్షించి చూడొచ్చు. నాణెం వంద సార్లు ఎగరెయ్యండి. బొమ్మ పడితే 50 కలపండి, బొరుసు పడితే 50 తీసెయ్యండి. వచ్చిన అంకెలకు పది రోజుల సగటు గీయండి. కొండలూ లోయలూ ఉన్న అందమైన గీత వస్తుంది. నాణేనికి ఏ దారీ లేదు, నున్నదనం సగటు తెచ్చినదే.

మరి మిర్చికి నిజంగానే సీజన్ ఉంది కదా?

ఉంది. కోతల సమయంలో సరుకు పోటెత్తి ధర మెత్తబడటం, తర్వాత సరుకు తగ్గి కొంత కోలుకోవడం తరచూ జరిగేదే. కానీ ఈ సంగతి తెలిసినవాళ్లు యార్డు నిండా ఉన్నారు, గుంటూరు చుట్టూ ఏసీలు కట్టింది అందుకే. అందరికీ తెలిసిన పెరుగుదల దాచిన ఖర్చు దగ్గరికి వచ్చి ఆగిపోతుంటుంది.

లెక్క వేద్దాం. ఏప్రిల్లో క్వింటా 12,000 పలుకుతుంటే అమ్మకుండా ఆరు నెలలు దాచారు. నూటికి రూపాయిన్నర వడ్డీ చొప్పున 1,080. ఏసీ అద్దె, హమాలీ, తూకంలో తరుగు కలిపి 600 అనుకుందాం. అక్టోబరులో 13,680 వస్తే అసలు వచ్చినట్టు. 13,500కు చేరిన చార్టు అందంగా పైకి ఎక్కుతూ ఉంటుంది, సగటు గీత కూడా పైకే చూపిస్తుంది. దాచిన రైతు మాత్రం క్వింటాకు 180 నష్టంలో ఉంటాడు. చార్టు మీద వడ్డీ కనిపించదు.

సపోర్ట్ అంటే ఎవరి సపోర్ట్?

ధర పడుతూ వచ్చి ఒక రేటు దగ్గర మళ్లీ మళ్లీ ఆగి లేస్తుంటే ఆ రేటును సపోర్ట్ అంటారు. పెరుగుతూ పోయి ఒక రేటు దగ్గర మళ్లీ మళ్లీ వెనక్కి తగ్గుతుంటే దాన్ని రెసిస్టెన్స్ అంటారు. ఒకటి అడుగు హద్దు, రెండోది పై హద్దు. దీని వెనకున్న నమ్మకం ఏమిటంటే, ఆ రేటును గుర్తుపెట్టుకున్నవాళ్లు అక్కడికి రాగానే మళ్లీ అలాగే ప్రవర్తిస్తారని. కాబట్టి గీత కనిపించగానే అడగాల్సింది ఒకటే: ఈ రేటు దగ్గర కొనేవాడు ఎవడు, ఎంత కొంటాడు? మన ప్రాంతంలోనే మూడు రకాల జవాబులున్నాయి.

మొదటిది పత్తి. 2025–26కు పొడవు పింజ పత్తి కనీస మద్దతు ధర క్వింటాకు 8,110. ఆ రేటుకు డబ్బు పట్టుకుని కొనే సంస్థ ఉంది, అది కాటన్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా. ఇది నిజమైన అడుగు, కాకపోతే దానికి ఒక గుమ్మం ఉంది. తేమ 8 శాతం ఉంటేనే పూర్తి ధర. 12 శాతం దాకా, పెరిగిన ప్రతి శాతానికీ ఒక శాతం కోత. ఆపైన కొనరు. 10 శాతం తేమ ఉన్న పత్తికి 162 రూపాయలు పోయి సుమారు 7,948 వస్తుంది. వానలో తడిసి 14 శాతం తేమతో ఉన్న పత్తికి ఆ అడుగే లేదు. ప్రైవేటు వ్యాపారి ఎంతంటే అంత. అందుకే మద్దతు ధర గీత కింద కూడా అమ్మకాలు జరుగుతాయి. గీత విరగలేదు, ఆ సరుకు గుమ్మం దాటలేకపోయింది.

రెండోది 2017 నాటి మిర్చి. ధర కుప్పకూలినప్పుడు కేంద్రం మార్కెట్ జోక్యం పథకం కింద క్వింటాకు 5,000, దానిపై ఖర్చులకు 1,250 చొప్పున ఆంధ్రప్రదేశ్‌లో 88,300 టన్నుల కొనుగోలుకు మే నెలాఖరు దాకా గడువుతో అనుమతించింది. టన్నులు వింటే పెద్దగానే ఉంటుంది. టిక్కీల్లోకి మారిస్తే 19.6 లక్షలు. ఉద్ధృతంగా ఉన్న రోజుల్లో ఒక్క గుంటూరు యార్డుకే లక్ష, ఆపైన టిక్కీలు వస్తాయి. అంటే రాష్ట్రం మొత్తానికి వేసిన ఆ అడుగు, ఒక్క యార్డు లెక్కన ఇరవై రోజుల సరుకుకు సరి. కొనేవాడు ఉన్నాడు, కానీ అతని సంచికి అడుగుంది.

మూడోది 2025. తేజ మేలు రకం 2023 సీజన్లో 20,000 దాటిన చోట, 2025 ఫిబ్రవరికి 11,000 ప్రాంతానికి వచ్చింది. కేంద్రం క్వింటాకు 11,781 రూపాయలను జోక్యపు ధరగా ప్రకటించింది, 2.91 లక్షల టన్నుల వరకు. ఈసారి సరుకు కొనడం కాదు, రైతు అమ్మిన ధరకూ దీనికీ ఉన్న తేడా చెల్లించే పద్ధతి. రైతుకు సాయంగా ఇది వేరే సంగతి. చార్టు వరకు చూస్తే మాత్రం 11,781 దగ్గర నిలబడి కొనేవాడు ఎవడూ లేడు. కాబట్టి ధర అక్కడ ఆగాల్సిన పనీ లేదు. ఈ మూడు గీతలూ చార్టు మీద ఒక్కలాగే ఉంటాయి.

పై హద్దు ఎలా ఏర్పడుతుంది?

20,000 చూసిన రైతుకు ఆ అంకె మనసులో నాటుకుపోతుంది. ధర పడ్డాక కాయను ఏసీలో పెట్టి ‘పదిహేడు వేలు వస్తే చాలు, ఇచ్చేస్తా’ అనుకుంటాడు. అలా అనుకున్నవాళ్లు వేలల్లో ఉంటే, ధర 17,000 దగ్గరికి రాగానే ఏసీల తలుపులు తెరుచుకుంటాయి, సరుకు యార్డుకు వస్తుంది, పెరుగుదల ఆగుతుంది. రెసిస్టెన్స్ సిద్ధాంతానికి ఇంతకంటే మంచి ఉదాహరణ ఉండదు. దానికి బలం గీతలో లేదు, ఏసీల్లో ఉన్న టిక్కీల్లో ఉంది. నిల్వలు ఖాళీ అయిన ఏడాది అదే 17,000 దగ్గర ఆపేవాడు ఉండడు.

గుండ్రటి అంకెలకు బలం ఎందుకో కూడా ఇక్కడే తెలుస్తుంది. న్యూయార్క్ ఫెడరల్ రిజర్వ్ బ్యాంకు ఆర్థికవేత్త కరోల్ ఓస్లర్ 2000లో డాలరు మారకపు ధరలను పరిశీలించింది. సంస్థలు తమ ఖాతాదారులకు చెప్పిన సపోర్ట్, రెసిస్టెన్స్ స్థాయిల దగ్గర ధర ఆగడం, ఊరికే ఎంచుకున్న స్థాయిల దగ్గర కంటే ఎక్కువగా జరిగింది. తర్వాతి పరిశోధనలో కారణమూ చూపింది: ఆర్డర్లు ముందే గుండ్రటి అంకెల దగ్గర గుంపుగా పేర్చి ఉంటాయి. కాబట్టి గీతలు ఉత్త భ్రమ కాదు. కానీ ఆ పరిశోధన రోజులో నిమిషాల లెక్కన నడిచే మార్కెట్ మీద చేసింది. యార్డులో అలా ముందే పేర్చిన ఆర్డర్లు లేవు. పొద్దున వచ్చిన సరుకుకు ఆ పొద్దుటి బేరమే.

పత్తిలో పై హద్దు సంగతి 2022లో తేలింది. ఆ ఏడాది ఏప్రిల్ 14 నుంచి కేంద్రం పత్తి దిగుమతి సుంకం ఎత్తేసింది. ఇక ధర ఆగుతుందనుకున్నారు. మే నెలలో క్యాండీ ధర లక్ష రూపాయలు దాటింది. క్యాండీ అంటే 356 కిలోల దూది, అంటే కిలో 281 రూపాయలు. సుంకం తీసిన రోజునే ఓడ రేవుకు రాదు. పైగా ఆ ధర అంతకుముందు ఎవరూ చూడనిది. ‘ఈ రేటుకు అమ్మేస్తా’ అని పాత జ్ఞాపకంతో కూర్చున్నవాడు లేడు, చార్టులో గీత గీయడానికి చోటూ లేదు. ఆ తర్వాత ధర దిగివచ్చింది. నూలు ధర దూది ధరను అందుకోలేక మిల్లులు కొనుగోళ్లు తగ్గించాయి. ఆ పై హద్దు చార్టులో లేదు, మిల్లు జమాఖర్చుల్లో ఉంది.

చివరి నమ్మకం: ధర చిన్న చిన్న అడుగులే వేస్తుందా?

సగటైనా సపోర్ట్ అయినా, ధర మెల్లగా కదులుతూ మనకు స్పందించే వ్యవధి ఇస్తుందని అనుకుంటాయి. 1963లో గణిత శాస్త్రవేత్త బెన్వా మాండెల్‌బ్రాట్ ఈ నమ్మకాన్ని ప్రశ్నించడానికి ఎంచుకున్నవి కూడా పత్తి ధరలే. మామూలు గణాంక సూత్రాలు ఊహించేదానికంటే పెద్ద గెంతులు చాలా తరచుగా ఉన్నాయని చూపాడు. మనకు దగ్గరి ఉదాహరణ 2021–22 సీజన్. నల్ల తామర పురుగు గుంటూరు, ప్రకాశం తోటలను ఊడ్చేసింది. ఆ పురుగు పూతలో ఉన్నప్పుడు ఏ సగటు గీతకూ తెలియదు. చేనులో తిరిగేవాడికి తెలిసింది.

ఇంతకీ ఈ గీతలు దేనికి పనికొస్తాయి?

బేరానికి పనికొస్తాయి. మీ గ్రేడు కాయకు అయిదు రోజుల సగటు 11,800 ఉన్నప్పుడు 11,000కే అడిగితే, టిక్కీకి 360 రూపాయల తేడా ఎందుకో అడగొచ్చు: తేమా, రంగా, తాలు కలిసిందా, లేక ఊరికే తగ్గించారా? జరిగినదాన్ని కొలవడంలో సగటు నమ్మకమైనదే.

దాచాలా అమ్మాలా అన్న నిర్ణయం మాత్రం దాని మీద వెయ్యకండి. ముందు మీ వడ్డీ, అద్దె కలిపి అసలు ధర ఎంతో రాసుకోండి. తర్వాత ఏసీల్లో ఎన్ని టిక్కీలున్నాయో, తోటల్లో పంట ఎలా ఉందో కనుక్కోండి. ఆఖరున, ఎవరైనా చార్టు చూపించి ‘ఇక్కడ సపోర్ట్ ఉంది’ అంటే, అక్కడ కొనేవాడి పేరు, అతను కొనగలిగే క్వింటాళ్లు అడగండి. రెండూ చెప్పగలిగితే వినండి. చెప్పలేకపోతే అది పాత ధర, అంతకంటే ఏమీ కాదు.